ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ గ్యాస్ బండ లాంటిది

ప్రశ్న: గుంటూరు నుంచి రోజూ విజయవాడ వెళ్లొస్తాను, రానూపోనూ 70 కిలోమీటర్లు. నెలకోసారి హైదరాబాద్. రెండు ఎలక్ట్రిక్ కార్లు నచ్చాయి. ఒకదాంట్లో 45 యూనిట్ల ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ, రెండోదాంట్లో 50 యూనిట్ల ఎన్ఎంసీ. ధర దాదాపు ఒకటే. ఏది తీసుకోమంటారు?

జవాబు: నాది ఎల్ఎఫ్‌పీ కారే, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, నాలుగేళ్లయింది. మా బావమరిదిది నికెల్ రకం, అంటే మీరు చెప్పిన ఎన్ఎంసీ. ముందు నేను చేసిన పొరపాటు చెబుతాను, ఈ రెండిటి తేడా నాకు దాంతోనే తెలిసింది.

కారు కొత్తలో వీడియోలు చూసి "80 శాతం దాటించకూడదు" అన్న మాట పట్టుకున్నాను. అది నికెల్ బ్యాటరీలకు చెప్పే జాగ్రత్త అని అప్పటికి తెలియదు. ఆరు నెలలు ఒక్కసారి కూడా ఫుల్ చేయలేదు. ఒకరోజు హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. నందిగామ దగ్గర మీటరు 17 శాతం చూపిస్తోంది. నాలుగైదు కిలోమీటర్లు పోయానో లేదో, 5కి పడిపోయింది. బండి స్పీడు దానంతట అదే తగ్గిపోయింది. ఒక హోటల్ ఆయన్ని బతిమాలి, 15 ఆంప్స్ ప్లగ్గుకు మూడు గంటలు పెట్టుకుని ఇల్లు చేరాం. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

బ్యాటరీ పాడవలేదు, మీటరు లెక్క తప్పింది. ఎల్ఎఫ్‌పీ సెల్ ఇంట్లో గ్యాస్ బండ లాంటిది. బండ నిండా ఉన్నా, కొంచెమే ఉన్నా మంట ఒకేలా వస్తుంది, చివర్లో ఉన్నట్టుండి నీరసిస్తుంది. ఈ సెల్ వోల్టేజీ కూడా అంతే. సగానికి పైనున్నా కిందున్నా 3.3 వోల్టుల చుట్టుపక్కలే ఉంటుంది. నికెల్ సెల్ అలా కాదు. ఫుల్‌గా ఉంటే 4.2, వాడేకొద్దీ మెట్టుమెట్టుగా దిగుతుంది, కాబట్టి వోల్టేజీ చూస్తే ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. ఎల్ఎఫ్‌పీలో ఆ వీల్లేదు. బండ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నట్టు, ఎంత కరెంటు లోపలికి వచ్చిందీ ఎంత పోయిందీ కారు కంప్యూటరు కూడుకుంటూ ఉండాలి. ఆ లెక్కలో రోజూ చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. ఫుల్ చార్జి దగ్గర మాత్రం వోల్టేజీ నిటారుగా లేస్తుంది, లెక్క అక్కడ సరిచూసుకుంటుంది. సెల్స్ మధ్య హెచ్చుతగ్గులు సర్దుకునేదీ ఎక్కువగా అప్పుడే. అందుకే ఇప్పుడు వారానికోసారి ఇంటి చార్జర్ మీద 100 దాకా పెట్టి, అది దానంతట అదే ఆగేవరకు ప్లగ్ తీయను. మళ్లీ ఆ సమస్య రాలేదు.

ఇక మీ లెక్క. నికెల్ కారును రోజువారీగా 80 నుంచి 20 మధ్య వాడతారు. అంటే 50లో చేతికొచ్చేది 30 యూనిట్లు. ఎల్ఎఫ్‌పీని 100 నుంచి 20 దాకా వాడొచ్చు, 45లో 36 యూనిట్లు. ఏసీ వేసుకుని యూనిట్‌కు 7 కిలోమీటర్లు వేసుకుంటే 210, 252. బ్రోచర్లో చిన్నదిగా కనిపించిన బ్యాటరీయే రోజువారీ వాడకంలో పెద్దది. హైదరాబాద్ వెళ్లే రోజు రెండూ ఫుల్ చేస్తారు కనుక నికెల్‌ది పైచేయి. హైవే స్పీడులో యూనిట్‌కు 6 వస్తే, 10 శాతం మిగుల్చుకుని నికెల్‌ది 270, ఎల్ఎఫ్‌పీది 243. ఎలాగూ దారిలో ఒకసారి ఆగాల్సిందే, రెంటికీ.

నా మొగ్గు ఎల్ఎఫ్‌పీ వైపే. గుంటూరు ఎండ అందుకు పెద్ద కారణం. ఫుల్ చార్జితో మే నెల ఎండలో నిలబడటం నికెల్ బ్యాటరీకి బాగా చేటు. ఎల్ఎఫ్‌పీకీ నష్టమే కానీ తక్కువ. అలాగని ఊరెళ్తూ నెలరోజులు 100లో వదిలేయకండి, సగం దగ్గర పెట్టండి. నిప్పు భయం కూడా ఎల్ఎఫ్‌పీకి తక్కువ. వేడెక్కినా అందులోని ఫాస్ఫేట్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదలదు, అంటే మంటకు లోపలినుంచి ఊతం దొరకదు. సున్నా డిగ్రీల చలిలో చార్జింగ్ నెమ్మదించడం దీని బలహీనత. చికాగోలో ఉండే వాళ్లకైతే నేను వేరే మాట చెప్పేవాణ్ని.

ఒక్క షరతు: ఇంట్లో సొంత చార్జింగ్ పాయింట్ ఉండాలి. రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే 80 దాటాక బాగా నెమ్మదిస్తుంది, వారానికోసారి ఫుల్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను అడిగి పాయింట్ ఖాయం చేసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

షోరూంలో రకం అడిగితే కొందరు తడబడతారు. ఓనర్స్ మాన్యువల్లో చార్జింగ్ పేజీ తెరిపించండి. తరచూ 100 దాకా పెట్టమని ఉంటే అది దాదాపు ఎల్ఎఫ్‌పీయే, రోజూ 80 దగ్గర ఆపమంటే నికెల్. సెకండ్ హ్యాండ్‌లో ఎల్ఎఫ్‌పీ కారు చూస్తే మాత్రం, ఫుల్ చార్జి చేయించకుండా బ్యాటరీ హెల్త్ అంకెను నమ్మకండి. నందిగామ రోజున నా కారు మీటరు చూసి కొనేవాడైతే బ్యాటరీ పోయిందనుకుని వెళ్లిపోయేవాడు.