ఈ-ఆఫీస్ వచ్చినా ఫైలు కదలదేం?

మా శాఖలో ఈ-ఆఫీస్ పెట్టినా ఫైళ్లు పాత వేగంతోనే నడుస్తున్నాయి, ఎందుకు?

కాగితం పోయింది కానీ సంతకాల వరుస పోలేదు. జూనియర్ అసిస్టెంట్ నోట్ రాస్తే సూపరింటెండెంట్ నుంచి పైదాకా అందరూ చూడాల్సిందే. అది బద్ధకం కాదు, భయం. రేపు ఆడిట్ అభ్యంతరమో విజిలెన్స్ విచారణో వస్తే, పది సంతకాలున్న ఫైల్లో తప్పు ఏ ఒక్కరి మెడకూ చుట్టుకోదు. ఆలస్యానికి మెమో రావడం అరుదు, సొంతంగా నిర్ణయం తీసుకున్నందుకు మాత్రం విచారణ పెన్షన్ దాకా వెంటాడుతుంది. ఇక "పరిశీలించి పంపండి" అని కిందికి తోసేస్తే ఆ రోజుకి గండం గడిచినట్టే!

కేంద్రం 2021లో ఫైలు నాలుగు అంచెలు దాటకూడదంది. అయితే నిర్ణయాధికారాన్ని కిందికి రాతపూర్వకంగా ఇవ్వని చోట, తగ్గించిన అంచె "చర్చించగలరు" అనే మాటతో తిరిగొస్తుంది. మీ ఫైలు కదలికల చరిత్రలో ఒకే పేరు రెండు మూడుసార్లు కనిపిస్తోందేమో చూడండి.