నిశ్చితార్థం అయినప్పటి నుంచీ పెళ్ళి పనుల మీద రోజూ గొడవలే. నాకూ తనకూ, మావాళ్ళకీ వాళ్ళవాళ్ళకీ కూడా. పెళ్ళిదాకా కాస్త ప్రశాంతంగా ఉండే దారి ఏదైనా ఉందా?

ముందు మగపెళ్ళివారి తరఫున వచ్చేది ఎంతమందో తేల్చుకోండి. మాటా మాటా పెరిగేది ఎక్కువగా అక్కడే. తాంబూలాల రోజు "ఓ నూటయాభై మందిమి వస్తాం" అంటారు, "అలాగేనండి" అంటారు, కాగితం మీద ఎవరూ పెట్టరు. ముహూర్తం దగ్గరపడేసరికి అది 220 అవుతుంది.

అసలు మొత్తం ఒక్క అంకెగా చెప్పుకోవడమే తప్పు. విడిదిలో దిగేవాళ్ళు వేరు, నేరుగా మండపానికి వచ్చేవాళ్ళు వేరు. పగటి ముహూర్తమైతే, ముందురోజు దిగిన మనిషికి రాత్రి భోజనం, పొద్దున టిఫిను, పెళ్ళి భోజనం కావాలి. నేరుగా వచ్చేవాళ్ళకి ఒక్క పూటే.

పెరిగిన 70 మందిలో 40 మంది విడిదిలో దిగుతారనుకోండి. పెళ్ళి భోజనం 600, రాత్రి భోజనం 300, టిఫిను 150 చొప్పున వేసినా 60,000 అవుతుంది. గదికి ముగ్గురంటే 14 గదులు, రెండేసి వేలైతే మరో 28,000. అబ్బాయి తల్లికి అవి "ఇంకో డెబ్బై విస్తళ్ళు" మాత్రమే. అమ్మాయి తండ్రికి 88,000, పైగా పెళ్ళిళ్ళ సీజన్‌లో దొరకని గదులు. ఇద్దరూ తమకు కనిపించినదే చెబుతున్నారు, అందుకే ఎవరూ తగ్గరు.

కాబట్టి ఒక కాగితం రాయించండి: ఏ కుటుంబం, ఎంతమంది, విడిదా నేరుగానా, ఏయే పూటలు. క్యాటరింగ్ వాళ్ళని రెండే అడగండి: చివరి లెక్క ఏ తేదీకి ఇవ్వాలి, దానిపైన ఎన్ని విస్తళ్ళు సర్దగలరు. చెప్పిన లెక్కకి తక్కువ మంది వచ్చినా సాధారణంగా పూర్తి బిల్లే వేస్తారు. ఆ తేదీకి వారం ముందే మీ జాబితా మూసెయ్యండి. ఆ తర్వాత పెరిగితే ఖర్చు పెంచినవాళ్ళదే అన్న మాట ఇప్పుడే, అందరూ బాగున్నప్పుడే అనుకోవాలి.

దీన్ని మీరిద్దరూ మోయకండి. ఇటు ఒక మేనమామ, అటు ఒక బాబాయి చాలు. రాత్రి ఫోన్లో "మీ అమ్మగారు ఇలా అన్నారట" అని మొదలైతే అది విస్తళ్ళతో ఆగదు. ఎవరి అమ్మానాన్నలకి వాళ్ళే చెప్పుకోవాలి. కాబోయే అత్తగారికి అమ్మాయి స్వయంగా "కుదరదండీ" అంటే, ఆ మాట పెళ్ళయ్యాక కూడా వినబడుతూనే ఉంటుంది.

పెట్టుబడి చీరలకీ ఇదే పద్ధతి: ఎవరెవరికి, ఎంతలో అన్నది కొనకముందే రాసుకోండి. ఒక్క తోడికోడలి చీర తగ్గిందని ముఖాలు మాడ్చుకునే ఇళ్ళున్నాయి.

ఆ జాబితాలోకి కారో, నగదో "లాంఛనం" పేరుతో వచ్చిందా, అది పెళ్ళి పనుల గొడవ కాదు. కట్నం అడగడం 1961 చట్టం ప్రకారం నేరం. అక్కడ సర్దుకోమని ఏ పెద్దమనిషి చెప్పినా వినకండి.