పార్వతి పరుగు కోసం చివరి పేజీ తిప్పకు

అమ్మలూ,

ఈ సెలవుల్లో ఇష్టమైన సినిమాల వెనక ఉన్న నవలలన్నీ చదివేస్తానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మురిసిపోయాను, వెంటనే భయమూ వేసింది. ‘దేవదాసు’తో మొదలుపెడతావట. మన ఇంట్లో ఆ నవల ఒకసారి భంగపడింది మరి!

సస్పెన్సు ఉన్నవి ముందు చదువు, తర్వాత చూడు. యండమూరి ‘అభిలాష’ సంగతి సినిమాలో తెలిసిపోయాక నవలలో ఉత్కంఠ ఏం మిగులుతుంది? ‘దేవదాసు’ అలాంటిది కాదు. అతడు చనిపోతాడని తెలియనిదెవరికి? చూశాకే చదువు, కానీ మధ్యలో నెలైనా ఎడం ఉంచు.

మీ అమ్మ ఆ ఎడం ఉంచలేదు. 1953 నాటి సినిమా చూసి వచ్చి, మర్నాడే నవల పట్టుకుని తిన్నగా చివరి అధ్యాయానికి వెళ్లింది. పార్వతి పరుగు, ఆమె ముందు మూసుకుపోయే తలుపులు కావాలి తనకు. ఆ తలుపులు అక్కడ లేవు. అనువాదకుడు ఎగరగొట్టాడని పుస్తకం విసిరేసింది. పిచ్చిపిల్ల! బెంగాలీలో ఆ నవల రాసిన శరత్ ఆ తలుపుల ముగింపును అసలు రాయలేదు. దేవదాసు పార్వతి అత్తింటి ముందు చెట్టు కింద చనిపోతాడు. ఎవరో తెలియని మనిషి కదా, అంత్యక్రియలు కూడా సరిగా జరగవు. పార్వతికి సంగతి తెలిసేసరికి అదంతా అయిపోతుంది. అప్పుడు పరుగెత్తుతుంది, పట్టి తెమ్మని భర్త కేక వేస్తాడు, స్పృహలేని ఆమెను లోపలికి మోసుకొస్తారు. మర్నాడు తేరుకుని దాసీని ఒకే మాట అడుగుతుంది, ఆయన రాత్రే వచ్చారు కదా అని. సినిమాలో ఇద్దరినీ విడదీసేది తలుపు. నవలలో కొన్ని గంటల ఆలస్యం. నాకు రెండోదే ఎక్కువ క్రూరంగా తోస్తుంది.

అక్కినేని, సావిత్రి ముఖాలు కళ్ల ముందు ఆడుతూనే ఉంటాయి. ఆడనీ. కానీ ‘జగమే మాయ’ పాట ఎక్కడొస్తుందా అని చూడకు. దేవదాసు చేపల గాలపు కర్రతో పార్వతి నుదుటి మీద కొట్టే చోట ఆగు. అతడి మీద జాలితోపాటు కోపమూ రావాలి. సినిమా మత్తు వదలకపోతే ఆ కోపం రాదు. చంద్రముఖి కలకత్తా విడిచి పల్లెలో మట్టి ఇంట్లో ఉండే భాగాన్ని నిదానంగా చదువు.

సంక్షిప్త ప్రతి మాత్రం కొనకు. అసలే చిన్న నవల, ఇంకా కుదిస్తే కథ తప్ప ఏమీ మిగలదు. ఇంకోటి, ‘చివరకు మిగిలేది’ అనే పాత సినిమా చూసి బుచ్చిబాబు నవల తెచ్చుకునేవు. పేరొకటే, ఆ కథకీ ఈ కథకీ సంబంధం లేదు. నవల చదవాల్సిందే, కానీ ఆ సినిమాలోని సావిత్రి నర్సు వేషం కోసం కాదు.

రాత్రి పన్నెండు దాటాక చదివి కళ్లు పాడుచేసుకోకు. చివరి అధ్యాయం అయ్యాక ఫోను చెయ్యి, ఏ వేళైనా ఫరవాలేదు.

మీ పెదమామయ్య