బెంచీలు యూ ఆకారంలో వేస్తే పిల్లలు ఎక్కువ మాట్లాడతారా?

బీఎడ్ టీచింగ్ ప్రాక్టీస్ రిఫ్లెక్షన్‌లో సీటింగ్ గురించి రాయాలి. బెంచీలు వరుసల్లో కాకుండా యూ ఆకారంలో వేస్తే పిల్లలు నిజంగా ఎక్కువ మాట్లాడతారా?

చర్చ నడిచే పాఠంలో సాధారణంగా ఎక్కువే మాట్లాడతారు, ఎవరికి వారు లెక్కలు చేసుకునే పీరియడ్‌కు మాత్రం వరుసలే మేలు. వరుసల్లో టీచర్ చూపు ముందు బెంచీల మీద, మధ్య వరుస మీద ఎక్కువగా పడుతుంది, ప్రశ్నలూ అటే వెళ్తాయి. పైగా పిల్లలకు తోటివాళ్ల వీపులే కనిపిస్తాయి కాబట్టి ప్రతి జవాబూ టీచర్‌కే చేరుతుంది. యూ ఆకారంలో ముఖాలు కనిపిస్తాయి, ఒకరి మాటను మరొకరు అందుకోగలరు. సొంతంగా చేసే పనికి ఆ ముఖాలే అడ్డం.

36 మంది ఉన్న 8వ తరగతిని తీసుకోండి: మూడు వరుసలు, ఒక్కోదానిలో ఆరు బెంచీలు, బెంచీకి ఇద్దరు. సీటింగ్ ప్లాన్ గీసి, అడిగితే జవాబు చెప్పినవారి గడిలో గీత, తానే ప్రశ్న వేస్తే సున్నా, తోటివారికి బదులిస్తే బాణం గుర్తు పెట్టండి. అదే తరహా పాఠానికి యూ ఆకారంలోనూ ఇలాగే గుర్తించండి. చూడాల్సింది బాణాలు పెరిగాయా అని. ఇంతమందికి ఒక్క యూ చాలదు, రెండు పొరలు వేయాల్సి వస్తుంది. అప్పుడు లోపలివారి వీపులు బయటివారికి మళ్లీ అడ్డం (చిన్న గదుల్లో ఇది తప్పదు). బెంచీలు కదలకపోతే టీచరే వెనక్కి వెళ్లి నిలబడాలి.

వెనక బెంచీవాళ్లకు ఆసక్తి ఉండదనేది చాలామంది పొరపాటు. ముందువాళ్లనూ వెనకవాళ్లనూ ఒక వారం మార్చి చూడండి. గీతలు పిల్లలతో పాటు కదిలితే కారణం పిల్లలు, గడుల్లోనే ఉండిపోతే కారణం సీటు.