కేబుల్ నెట్‌లో డౌన్‌లోడ్ బాగున్నా రాత్రిపూట వీడియో కాల్ ఎందుకు తెగుతుంది?

"మాది విశాఖ. టీవీ కేబుల్ మీదే నెట్ తీసుకున్నాం. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ బాగానే చూపిస్తుంది, కానీ రాత్రి ఏడు దాటితే కాల్‌లో అవతలి వాళ్ళ మాట నాకు వినిపిస్తుంది, నా మాట వాళ్ళకి ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. మోడెమ్ మార్చినా అంతే. ఎందుకు?"

ముందు ఒకటి చూడండి. మీ మోడెమ్‌కి టీవీ కేబుల్ లాంటి లావుపాటి నల్ల వైరు మరతో బిగించి ఉందా, లేక దారం లాంటి సన్నటి ఫైబర్ వస్తోందా? ఫైబర్ అయితే నేను చెప్పేది మీకు వర్తించదు. లావు వైరు, అంటే కోక్స్ అయితే చదవండి, ఎందుకంటే ఆ లైన్ల మీద నేను కొన్నేళ్లు పనిచేశాను, సరిగ్గా ఈ కంప్లైంట్ మీదే మూడు సాయంత్రాలు స్తంభాలు ఎక్కాను.

ఆపరేటర్ ఆఫీసు నుంచి మీ పేట దాకా ఫైబర్ వస్తుంది. అక్కడ స్తంభం మీద నోడ్ అనే పెట్టె ఉంటుంది, దాని నుంచి ఇళ్లకి కోక్స్, మధ్యమధ్య సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫైయర్లు, ఇళ్లకి వైరు చీల్చే ట్యాపులు. ఒక నోడ్ కింద వంద, రెండు వందల ఇళ్లు ఉండొచ్చు. ఆ ఒక్క కోక్స్ మీదే టీవీ ఛానెళ్లు, మీకొచ్చే డేటా, మీరు పంపే డేటా అన్నీ నడవాలి. మీరు పంపేదానికి దక్కేది అడుగున ఉన్న చిన్న పట్టీ, చాలాచోట్ల 5 నుంచి 65 మెగాహెర్ట్జ్ లోపే, కొన్ని సిస్టమ్స్‌లో 42 వరకే. మిగతాదంతా కిందికి వచ్చేవాటిదే. అందుకే స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ చూసి లైను బాగుందనుకుంటే పొరపాటే.

ఆ పట్టీని ఇళ్ల మధ్య పంచే తీరులోనే మీ కాల్ తెగడానికి సగం కారణం ఉంది. ఇంటికింత అని వాటా ముందే కోసిపెట్టి ఉండదు. మోడెమ్ తనంతట తాను పంపకూడదు, ముందు అడగాలి. ఆపరేటర్ దగ్గరున్న సీఎంటీఎస్ అనే యంత్రం ప్రతి కొన్ని మిల్లీసెకన్లకీ ఒక పట్టిక పంపుతుంది, దానికి మ్యాప్ అని పేరు: ఈ క్షణం నుంచి ఈ క్షణం దాకా ఫలానా మోడెమ్, తర్వాత ఫలానాది, అని. అందులోనే కొంచెం సమయం ఎవరైనా అడగడానికి ఖాళీగా వదులుతుంది. ఆ ఖాళీలో ఇద్దరు ఒకేసారి అడిగితే ఇద్దరి మాటా పోతుంది, ఇద్దరూ కాసేపు ఆగి మళ్ళీ అడగాలి, మళ్ళీ గుద్దుకుంటే ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఫోన్‌లోని ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తున్న ఇంటి మోడెమ్ ఈ గుంపులోకి దాదాపు రానే రాదు. తనకి దొరికిన సమయంలో డేటా పంపుతూనే, దానికే తర్వాతి అభ్యర్థన తగిలించేస్తుంది. మీ మాట అలా కాదు. సుమారు 20 మిల్లీసెకన్లకొక చిన్న ప్యాకెట్, మధ్యలో ఖాళీ. కాబట్టి దాదాపు ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి ఆ గుంపులో నిలబడి అడగాలి. రద్దీ పెరిగితే ముందు దెబ్బ తినేవి మీ కాల్ లాంటివే.

ఇక నేను చూసిన కేసు. పెదవాల్తేరు నుంచి సముద్రం వైపు దిగే వీధుల్లో ఒక నోడ్, దాని కింద 140 మోడెమ్‌లు. ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పే ఒక మేడమ్ రోజూ ఫోన్ చేసేవారు, "బాబూ, పిల్లలకి నా మాట వినబడటం లేదు" అని. ఆవిడ ఇంట్లో కనెక్టర్లు మార్చాం, మోడెమ్ మార్చాం, ఏమీ లాభం లేదు. అక్కడ అప్‌లోడ్ ఛానెల్ ఒక్కటే, 3.2 మెగాహెర్ట్జ్ వెడల్పు. డేటాని సిగ్నల్‌లో నింపే పద్ధతిని మాడ్యులేషన్ అంటారు, దాన్ని 16-క్వామ్‌లో నడిపితే 10.24 ఎంబీపీఎస్ వస్తుంది. కానీ రాత్రిపూట నాయిస్ వల్ల, అంటే లైన్లోకి దూరే అనవసర సిగ్నళ్ల వల్ల, మోడెమ్‌లు పడిపోతున్నాయని ఎవరో దాన్ని క్యూపీఎస్‌కేకి దించేశారు, అది నాయిస్‌ని బాగా తట్టుకుంటుంది కానీ మోసేది సగమే. అప్పుడు 5.12 మాత్రమే, ఖర్చులు పోను చేతికొచ్చేది నాలుగున్నర. లైన్ పడిపోవడం ఆగింది కాబట్టి సమస్య తీరిందని రాసేసుకున్నారు. రాత్రి ఎనిమిదికి ఇరవై ఇళ్లు ఒకేసారి పంపుతుంటే ఇంటికి దక్కేది 225 కేబీపీఎస్, దానిలో వీడియో పాఠం ఎలా చెబుతారు? ప్లాన్‌లో రాసిన 2 ఎంబీపీఎస్ పైహద్దు మాత్రమే, అంత ఇస్తామన్న హామీ కాదు.

ఆ నాయిస్ ఆవిడ ఇంట్లోది కాదు. వాన పడితే ప్రతి వీధి నీళ్లూ ఒకే గెడ్డలోకి దిగినట్టు, అప్‌లోడ్ దారిలో ప్రతి ఇంటి నాయిస్సూ కలుస్తూ నోడ్‌కి చేరుతుంది. కిందికొచ్చే సిగ్నల్‌లో అయితే మీ వైరు పాడైతే మీకే నష్టం. పైకెళ్ళే దారిలో ఒక్క ఇంటి వైరు పాడైనా నోడ్ కింద అందరికీ నష్టమే. మన దగ్గర సముద్రపు గాలికి కనెక్టర్లు పచ్చగా చిలుమెక్కుతాయి, ఆ సందుల్లోంచి బయటి రేడియో శబ్దమంతా లోపలికి దూరుతుంది.

వెతకడానికి అడ్డదారి లేదు. ఒక్కో ఆంప్లిఫైయర్ దగ్గర ఒక్కో శాఖ రిటర్న్‌ని, అంటే పైకెళ్ళే దారిని, క్షణం పాటు తీసి, ఆఫీసులో గ్రాఫ్ చూస్తున్న మనిషిని ఫోన్‌లో అడగాలి, నాయిస్ తగ్గిందా అని. మూడో సాయంత్రం ఒక ట్యాప్ దగ్గర గ్రాఫ్ ఒక్కసారి కిందకి పడింది. ఖాళీ చేసిన అద్దె ఇంటి వైరు, చివర మోడెమ్ లేదు, మూత లేదు, కింద షాపు ఎల్‌ఈడీ బోర్డుకి ఆనుకుని వేలాడుతోంది. సాయంత్రం బోర్డు వెలిగితే నాయిస్ మొదలు, పదిన్నరకి షాపు మూస్తే మాయం! పగలు వెళ్ళినవాళ్ళకి ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే. ఆ వైరు తీసేసి ట్యాప్‌లో ఖాళీ అయిన చోటుని మూసే 75 ఓమ్స్ టెర్మినేటర్ బిగించాం, రెండు రోజులు గమనించి ఛానెల్‌ని మళ్ళీ 16-క్వామ్‌కి ఎత్తాం. మేడమ్ క్లాసులు సాగాయి.

మీరు చేయగలిగింది ఇది. బ్రౌజర్‌లో 192.168.100.1 తెరవండి, చాలా కేబుల్ మోడెమ్‌లకి అదే పేజీ. అందులో అప్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెమ్ పైకి పంపే సిగ్నల్ బలం, 35 నుంచి 49 డీబీఎంవీ మధ్య ఉంటే మామూలే. 50 దాటి ఉంటే మీ మోడెమ్ అరిచి చెప్పాల్సి వస్తోందని అర్థం, తప్పు ఎక్కువగా మీ ఇంటి వైరులోనో స్ప్లిట్టర్‌లోనో ఉంటుంది. లాగ్‌లో ఈ వాక్యం పదే పదే ఉందేమో కూడా చూడండి:

```
No Ranging Response received - T3 time-out
```

మోడెమ్ పలకరించినా సీఎంటీఎస్ నుంచి జవాబు రాలేదని దాని అర్థం. తర్వాత మీ ఇంట్లో అప్‌లోడ్లన్నీ ఆపి, పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి విండోస్ కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది నడపండి:

```
tracert -d 8.8.8.8
```

రౌటర్ దాటిన మొదటి అడ్రస్‌కి పొద్దున 10 మిల్లీసెకన్లు, రాత్రి 150 చూపిస్తే, పవర్ మామూలుగానే ఉంటే, పక్కింటివాళ్ళదీ ఇదే గోల అయితే, తప్పు నోడ్‌లో ఉంది. అప్పుడు ఇంటికి మనిషిని పంపమని అడగకండి. నోడ్ అప్‌స్ట్రీమ్ ఎస్ఎన్ఆర్, అంటే నాయిస్ కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే లెక్క, రాత్రి ఎనిమిదికి ఎంత ఉంది, ఛానెల్ ఏ మాడ్యులేషన్‌లో నడుస్తోంది అని అడగండి. నాయిస్ లేదు, ఛానెల్ నిండిపోయింది అని జవాబొస్తే వెతకడానికి ఏమీ ఉండదు, ఇంకో ఛానెల్ కలపాలి లేదా నోడ్‌ని రెండుగా విడదీయాలి, అది వాళ్ళు డబ్బు పెట్టాల్సిన పని.