ఆయిల్ టెస్టు, ఎర్తింగ్ మాటలు లైన్‌మెన్‌కి తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న: వైజాగ్‌లో సబ్‌స్టేషన్ మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తున్నాను. ఇంగ్లీషు ప్రొసీజర్‌ని లైన్‌మెన్ కోసం తెలుగు చేయమన్నారు. ఎర్తింగ్‌ని భూసంపర్కం అని, బ్రేక్‌డౌన్ వోల్టేజ్‌ని భంజన వోల్టేజ్ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. భూసంపర్కం అంటే మా సెక్షన్‌లో ఎవరికీ తెలీదు, ఎర్తింగ్ అంటే అందరికీ తెలుసు. నేను ఇలాంటివి తెలుగు చేసినప్పుడు ఇబ్బంది పెట్టింది పేర్లు కాదు, ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పేసి వదిలేసిన పని.

‘పనికి ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎర్త్ చేయాలి’ అని రాశారనుకోండి. ‘బాడీకి ఎర్త్ ఉంది, న్యూట్రల్‌కి ఉంది, మళ్లీ ఏం చేయాలి?’ అంటాడు లైన్‌మన్, అందులో తప్పేం లేదు. ఎర్త్ పిట్‌కి వెళ్లే పట్టీ ఎప్పుడూ ఉండేది, ఇక్కడ అడుగుతున్నది పని అయ్యేదాకా డిశ్చార్జ్ రాడ్లు తగిలించి ఉంచమని. అందుకే నేను ఇలా రాశాను: ‘లైన్ క్లియర్ తీసుకుని, స్విచ్‌లు ఓపెన్ చేసి తాళం వేసి, సప్లై లేదని డిటెక్టర్‌తో చూశాక, 33 కేవీ వైపూ 11 కేవీ వైపూ మూడేసి ఫేజులకి రాడ్లు తగిలించాలి. రాడ్ వైరు క్లాంపుని ముందు ఎర్త్‌కి బిగించాలి, ఆ తర్వాతే కొక్కెం ఫేజుకి. తీసేటప్పుడు ముందు ఫేజు, చివర ఎర్త్.’ రెండు వైపులా అని విడిగా రాయకపోతే 33 వైపు మాత్రమే వేసి, 11 వైపు నుంచి బ్యాక్‌ఫీడ్ వస్తుందన్న సంగతి మర్చిపోతారు.

ఆయిల్ టెస్టు దగ్గర చిక్కు వేరు. బ్రేక్‌డౌన్ అంటే మనవాళ్లకి ఫీడర్ పోవడం. కాబట్టి బ్రేక్‌డౌన్ వోల్టేజ్‌ని పొట్టిగా బీడీవీ అనే ఉంచి, పక్కన ‘2.5 మి.మీ. గ్యాప్‌లో ఆయిల్‌లోంచి స్పార్క్ దాటి కిట్ ట్రిప్ అయిన కేవీ’ అని ఒక్కసారి చెప్పేయండి. ‘ఆరు రీడింగుల సగటు’ అన్నది మాత్రం లెక్క వేసి చూపించాలి, లేకపోతే అన్నిటికన్నా తక్కువది పట్టుకుని రిజిస్టర్‌లో రాసేస్తారు. 41, 38, 24, 40, 37, 42 వచ్చాయంటే మొత్తం 222, ఆరుతో భాగిస్తే 37. సర్వీసులో ఉన్న 33 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కి 30 దాటాలి కాబట్టి పాస్. మధ్యలో ఆ 24 చూసి టెన్షన్ పడక్కర్లేదు. అలాగని వదిలేయకూడదు కూడా, చాలాసార్లు అది కప్పులో పడ్డ నూలుపోగో గాలిబుడగో.

అందుకే ‘శాంపిల్ కలుషితం కాకుండా చూడాలి’ లాంటి వాక్యం రాయకండి, దానివల్ల ఎవరూ ఏమీ చేయరు. కింది డ్రెయిన్ వాల్వు తుడిచి, మొదట వచ్చిన ఆయిల్ బకెట్‌లోకి వదిలేసి, అదే ఆయిల్‌తో సీసా కడిగి పారబోసి, అప్పుడు సీసా గోడ వెంట మెల్లగా నింపమనండి. కాటన్ వేస్ట్‌తో సీసా తుడవొద్దని విడిగా రాయండి. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ కాబట్టి వాన పడుతున్నప్పుడు, పొద్దున్నే మంచు ఉన్నప్పుడు శాంపిల్ తీయొద్దని కూడా. ఇంగ్లీషు ప్రతిలో దీనికి ‘పొడి వాతావరణం’ అన్న ఒక్క మాటే ఉంటుంది.