ఒకే 4060, రెండు రకాల స్పీడ్ ఎందుకు?

"రెండు లాప్‌టాప్‌ల్లోనూ ఆర్‌టీఎక్స్ 4060 ఉంది, సన్నగా ఉన్నది కొంటే గేమ్స్‌లో తేడా తెలుస్తుందా?"

చాలాసార్లు తెలుస్తుంది. గ్రాఫిక్స్ చిప్ పేరు ఒకటే అయినా దానికి ఎన్ని వాట్లు ఇవ్వాలో లాప్‌టాప్ చేసిన కంపెనీ డిసైడ్ చేస్తుంది, ఎన్విడియా దీనికి 35 నుంచి 115 వాట్ల దాకా వదిలేసింది, పైన సీపీయూ వాడని పవర్‌ని జీపీయూకి మళ్లించే డైనమిక్ బూస్ట్ వేరే, అది కలిపితే 140 దాకా వెళ్తుంది. స్పెక్ షీట్‌లో టీజీపీ అని చిన్న అక్షరాల్లో ఉండేది ఈ వాట్ల లెక్కే. అయితే 4060లో 100 వాట్లు దాటాక పెద్దగా ఒరిగేదేం లేదు, అందుకే 140 వాట్లు అని చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

అసలు మెలిక కూలింగ్‌లో ఉంది. సన్నటి బాడీలో ఫ్యాన్లు, రేకులు చిన్నవి, పైగా సీపీయూకి, జీపీయూకి హీట్ పైపులు చాలావాటిలో కామనే. ఆ కూలింగ్ మొత్తం 110 వాట్ల వేడే బయటికి తోయగలదనుకోండి, ఓపెన్ వరల్డ్ గేమ్‌లో సీపీయూ 40 లాగేస్తే జీపీయూకి మిగిలేది 70, బాక్స్ మీద 100 అని రాసున్నా సరే.

షాపులో ఐదు నిమిషాల బెంచ్‌మార్క్‌లో ఇది దొరకదు, మెటల్ ఇంకా వేడెక్కదు కదా. అరగంట గేమ్ ఆడాక HWiNFO అనే సాఫ్ట్‌వేర్‌లో GPU Power చూడండి, మొదట 95 ఉన్నది 70కి జారి టెంపరేచర్ 87 దగ్గరే అతుక్కుపోతే కూలింగ్ చాలట్లేదన్నట్టే. టెంపరేచర్ 75లోనే ఉండి వాట్లు 70 దాటకపోతే మాత్రం అది కంపెనీ పెట్టిన లిమిట్ అయ్యుండొచ్చు, ముందు పెర్ఫార్మెన్స్ మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.